కరెంటు వచ్చింది.. ఫ్రిజ్ బోర్డు కాలింది

గాలివాన వెలిసి, రెండు గంటల చీకటి తర్వాత వీధిలో దీపాలు వెలగగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఫ్రిజ్‌కు అసలు గండం మాత్రం ఆ క్షణంలోనే పొంచి ఉంటుంది. సరఫరా నిలిచిపోవడం వల్ల ఫ్రిజ్ చెడదు. తిరిగి వచ్చిన విద్యుత్తు ఎంత వోల్టేజీతో వచ్చింది, నిలకడగా వచ్చిందా, వస్తూ పోతూ వచ్చిందా అన్న దానిపైనే దాని ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఒకే తలుపున్న పాతకాలపు ఫ్రిజ్‌లో చలిని అదుపు చేసేది ఒక చిన్న థర్మోస్టాట్, కంప్రెసర్ పక్కన ఒక రిలే మాత్రమే. ఇప్పటి ఇన్వర్టర్ ఫ్రిజ్‌లలోనూ, మంచు పేరుకోని రకాలలోనూ ఆ పని అరచేతి వెడల్పు ఎలక్ట్రానిక్ బోర్డుకు దక్కింది. హెచ్చు వోల్టేజీకి మొదట బలయ్యేది అదే.

దుకాణాల్లో స్పైక్ గార్డు, సర్జ్ ప్రొటెక్టర్, టైమ్ డిలే ప్లగ్గు, స్టెబిలైజర్ అంటూ రకరకాల పేర్లతో పరికరాలు దొరుకుతున్నాయి. ఏదో ఒకటి తగిలిస్తే రక్షణ ఉన్నట్లేనని చాలామంది భావిస్తారు. నిజానికి వీటిలో ఒక్కొక్కటి ఒక్కో ప్రమాదానికే అడ్డు నిలుస్తుంది. ఏది దేనికి పనికొస్తుందో తెలియకుండా కొంటే, పరికరం గోడకు ఉండగానే బోర్డు కాలిపోతుంది.

ఒక సాయంత్రం.. రెండు ఇళ్లు

కోనసీమలో తరచూ జరిగేలాంటి ఒక సంఘటనను ఉదాహరణగా తీసుకుందాం. వేసవి సాయంత్రం ఈదురుగాలికి కొబ్బరిమట్ట విరిగి విద్యుత్ తీగలపై పడింది. సరఫరా ఆగింది. సిబ్బంది వచ్చి మట్టను తొలగించి, ట్రాన్స్‌ఫార్మర్ వద్ద ఫ్యూజు వేశారు. అయితే నాలుగు స్తంభాల అవతల న్యూట్రల్ తీగ తెగిపోయిన సంగతి చీకట్లో ఎవరి కంటా పడలేదు.

వీధిలో మొదటి ఇంట్లో రెండు ఫ్యాన్లు, నాలుగు దీపాలు, ఒక ఫ్రిజ్ ఉన్నాయి. కరెంటు రాగానే దీపాలు మునుపెన్నడూ లేనంత ధగధగా వెలిగాయి. ఫ్యాన్లు ఉరవడిగా తిరిగాయి. వంటింట్లోంచి ‘ఠప్’మని చప్పుడు, వెంటనే కాలిన వాసన వచ్చాయి. ఫ్రిజ్ లోపలి దీపం ఆరిపోయింది. అదే సమయంలో ఎదురింట్లో దీపాలు గుడ్డిగా వెలుగుతున్నాయి. అక్కడ ఇస్త్రీపెట్టె స్విచ్చి వేసే ఉంది కానీ వేడెక్కడం లేదు. ఒక ఇంట్లో వెలుగు ఎక్కువై, పక్కింట్లో తక్కువైందంటే న్యూట్రల్ తెగిందనడానికి అదే తిరుగులేని గుర్తు.

మొదటి ఇంటి ఫ్రిజ్‌లో రేపటి పాలు, పెరుగు మాత్రమే లేవు. ఇంటి పెద్దాయన వాడే ఇన్సులిన్ సీసాలు కూడా ఉన్నాయి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే నిల్వ ఉంచాలి. బోర్డు కాలితే నష్టం మరమ్మతు ఖర్చుతో ఆగదనడానికి ఇది నిదర్శనం.

230 వోల్టులు 300 ఎలా అయ్యాయి?

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వీధిలోకి మూడు ఫేజు తీగలు, ఒక న్యూట్రల్ తీగ వస్తాయి. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు ఉంటాయి. రెండు ఫేజుల మధ్య కొలిస్తే సుమారు 400 వోల్టులు ఉంటాయి. ఒక్కో ఇంటికి ఒక ఫేజు, న్యూట్రల్ ఇస్తారు కనుక ఇంట్లో 230 వోల్టులే కనిపిస్తాయి. గృహాలకు ఇచ్చే సరఫరా ఇందులో ఆరు శాతం అటూ ఇటూ, అంటే దాదాపు 216 నుంచి 244 వోల్టుల మధ్య ఉండాలన్నది నిబంధన.

న్యూట్రల్ తెగిన క్షణంలో ఈ లెక్క తారుమారవుతుంది. వేర్వేరు ఫేజులపై ఉన్న రెండు ఇళ్లూ తెగిన తీగకు ఇవతల ఒకదానికొకటి కలిసే ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి వెళ్లే దారి మాత్రం మూసుకుపోతుంది. అప్పుడు కరెంటు ఒక ఇంట్లోంచి వెళ్లి మరో ఇంట్లోంచి తిరిగి రావలసిందే. రెండు ఫేజుల మధ్యనున్న 400 వోల్టులను ఆ రెండు ఇళ్లూ పంచుకుంటాయి. ఆ పంపకం సమంగా ఉండదు. తక్కువ వాడకం ఉన్న ఇంటికే ఎక్కువ వోల్టేజీ దక్కుతుంది.

మొదటి ఇంట్లో 150 వాట్ల వాడకం, ఎదురింట్లో 450 వాట్ల వాడకం ఉందనుకుందాం. వాడకం మూడో వంతు కనుక మొదటి ఇంటి నిరోధం మూడు రెట్లు ఎక్కువ. అందువల్ల 400లో 300 వోల్టులు ఆ ఇంటికి, 100 వోల్టులు ఎదురింటికి చేరతాయి. ఎదురింట్లో మరికొన్ని ఉపకరణాలు వేస్తే మొదటి ఇంటి వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. అది మెరుపులా వచ్చి పోయేది కాదు. తీగను సరిచేసేదాకా నిమిషాలు, ఒక్కోసారి గంటల తరబడి అలాగే నిలుస్తుంది.

బోర్డులో ఏం జరుగుతుంది?

ఫ్రిజ్ బోర్డులోకి వచ్చిన విద్యుత్తు మొదట ఒక ఫ్యూజును, దాని వెనుకే బొత్తాం ఆకారంలో ఉండే వారిస్టర్‌ను దాటుతుంది. ఆ తర్వాత ఏకముఖ విద్యుత్తుగా మారి, డబ్బా ఆకారంలోని కెపాసిటర్‌లో నిలుస్తుంది. అక్కడి నుంచే బోర్డు మెదడుకు, కంప్రెసర్‌కు కావలసిన విద్యుత్తు వెళుతుంది.

మనం 230 వోల్టులని చెప్పేది సరాసరి వంటి విలువ. అలల్లా ఎగసి పడే ఆ విద్యుత్తు శిఖరం దానికి 1.414 రెట్లు, అంటే సుమారు 325 వోల్టులు ఉంటుంది. కెపాసిటర్ ఆ శిఖరం మేరకు నిండుతుంది. అందుకే దాన్ని సాధారణంగా 400 లేదా 450 వోల్టులు తట్టుకునేలా తయారుచేస్తారు. సరఫరా 300 వోల్టులకు పెరిగితే శిఖరం 424 వోల్టులకు చేరుతుంది. 400 వోల్టుల కెపాసిటర్ అయితే హద్దు దాటినట్లే. లోపలి ద్రావకం వేడెక్కి పైభాగం ఉబ్బుతుంది, లేదా ‘ఠప్’మని పగులుతుంది.

వారిస్టర్ పని వేరు. సాధారణంగా 275 నుంచి 300 వోల్టుల సరఫరా వరకు అది ఉన్నట్లే తెలియదు. వోల్టేజీ హద్దు మీరినప్పుడు ఒక్కసారిగా దారి ఇచ్చి, అదనపు విద్యుత్తును తనలోకి తీసుకుంటుంది. క్షణంలో లక్షో వంతు కాలం ఉండే తాకిడిని అది తట్టుకోగలదు. నిమిషాల తరబడి అలాగే ఉంటే మాడి, పగిలి, షార్ట్ అవుతుంది. దాంతో ముందున్న ఫ్యూజు ఎగిరిపోతుంది. ఇది ఒకరకంగా మేలే. ఆ రెండూ బలై మిగతా బోర్డు బతికి బయటపడే సందర్భాలున్నాయి. అందుకే బోర్డు పోయిందని తెలియగానే కొత్తది వేయించే ముందు, వారిస్టర్, ఫ్యూజు, కెపాసిటర్ మాత్రమే పోయాయా, కంప్రెసర్‌ను నడిపే భాగం కూడా కాలిందా అని మెకానిక్‌ను అడిగి తెలుసుకోవాలి. మొదటి మూడూ చిన్న ఖర్చుతో మార్చదగినవి. చివరిది పోతే సాధారణంగా బోర్డు మొత్తం మార్చవలసి వస్తుంది, ఖర్చు వేలల్లో ఉంటుంది. ఇన్వర్టర్ కంప్రెసర్‌ను బోర్డు లేకుండా నేరుగా కరెంటుకు కలిపి నడపడం సాధ్యం కాదు.

మూడు ప్రమాదాలు.. మూడు అడ్డుకట్టలు

న్యూట్రల్ తెగడం వల్ల వచ్చే నిలకడైన హెచ్చు వోల్టేజీ ఒక ప్రమాదం మాత్రమే. దూరాన పిడుగు పడినప్పుడు, లైన్లను కలిపి విడదీసినప్పుడు వందలు, వేల వోల్టుల పోటు రెప్పపాటుకన్నా తక్కువ కాలం వచ్చి పోతుంది. ఇది రెండో ప్రమాదం. సరఫరా తిరిగి రాగానే ఊళ్లోని మోటార్లన్నీ ఒకేసారి మొదలై, భారం మోయలేక లైను మళ్లీ పడిపోయి, కాసేపటికి మళ్లీ వచ్చి దోబూచులాడడం మూడోది.

వీటి తేడాను చెరువు ఉపమానంతో తేలిగ్గా గ్రహించవచ్చు. ఒక్కసారిగా పొంగిన నీటిని పక్కకు పొర్లించేది అలుగు. సర్జ్ ప్రొటెక్టర్ అలాంటిది. దాని లోపల ఉండేది కూడా ప్రధానంగా వారిస్టరే, కాకపోతే బోర్డులోని దానికన్నా సాధారణంగా పెద్దది. రెప్పపాటు పోటును అది ఏడెనిమిది వందల వోల్టుల వద్ద నిలువరించి, మిగతాది న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మళ్లిస్తుంది. అంటే 300 వోల్టుల సరఫరా వచ్చినప్పుడు దాన్ని 230కి దించడం దీనివల్ల కాదు. రోజంతా వరద పారితే అలుగే కొట్టుకుపోయినట్లు, నిలకడైన హెచ్చు వోల్టేజీలో సర్జ్ ప్రొటెక్టర్ కూడా మాడిపోతుంది.

తూము తలుపు సంగతి వేరు. నీరు ప్రమాదకరంగా ఉన్నంతసేపూ దాన్ని దించే ఉంచుతారు. హై కట్, లో కట్ ఉన్న ప్లగ్గు చేసేది ఇదే. వోల్టేజీని నిరంతరం కొలుస్తూ, నిర్ణీత హద్దు దాటగానే లోపలి రిలేను విడదీసి ఫ్రిజ్‌ను సరఫరా నుంచి వేరుచేస్తుంది. హద్దులు తయారీని బట్టి మారతాయి. పై హద్దు 260-270 వోల్టుల ప్రాంతంలో ఉండడం సాధారణం. అయితే రిలే విడిపోవడానికి లిప్తకాలమైనా పడుతుంది. అంతకన్నా వేగంగా వచ్చే పిడుగు పోటును అది ఆపలేదు. ఆ లిప్తపాటును కాచుకోవలసింది వారిస్టరే. అలుగు, తూము రెండూ ఉంటేనే చెరువుకు భద్రత అన్నట్లు, ఈ రెండు రక్షణలూ కలిసి ఉండాలి.

మూడు నిమిషాల ఆలస్యం ఎందుకు?

టైమ్ డిలే ప్లగ్గు మొదట వచ్చింది బోర్డు కోసం కాదు, కంప్రెసర్ కోసం. కంప్రెసర్ ఆగిన వెంటనే దాని ఒకవైపు వాయుపీడనం ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఉంటుంది. ఆ స్థితిలో మళ్లీ కరెంటు ఇస్తే పాత తరహా కంప్రెసర్ తిరగలేక, బిగుసుకుపోయి, మామూలుకన్నా ఎన్నోరెట్లు కరెంటు లాగుతుంది. వెనుకనుంచి ‘టక్’మని వినిపించే ఓవర్‌లోడ్ రక్షణ దాన్ని ఆపుతుంది. ఇలా పదేపదే జరిగితే కంప్రెసర్ చుట్టలే కాలతాయి. రెండువైపులా పీడనం సర్దుకోవడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి. డిలే ప్లగ్గులు ఎక్కువగా మూడు నిమిషాలు, అంటే 180 సెకన్లు ఆగి కరెంటు ఇవ్వడానికి కారణమిదే.

బోర్డు ఉన్న చాలా ఫ్రిజ్‌లు కంప్రెసర్‌ను తమంతట తామే కాసేపు ఆపి మొదలుపెడతాయి. అలాంటప్పుడు బయట మరో ఆలస్యం ఎందుకన్న ప్రశ్న సహజం. లోపలి ఆలస్యం కంప్రెసర్‌కే వర్తిస్తుంది. బోర్డు మాత్రం ప్లగ్గు పెట్టిన క్షణం నుంచి సరఫరాకు ఎదురుగా నిలబడే ఉంటుంది. బయటి ప్లగ్గు బోర్డును కూడా ఆ మూడు నిమిషాలు దూరంగా ఉంచుతుంది. కరెంటు వచ్చి, పోయి, మళ్లీ వచ్చే దోబూచులాట చాలావరకు ఆ వ్యవధిలోనే ముగుస్తుంది. మధ్యలో పోయి వచ్చిన ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది కనుక, సరఫరా నిలకడగా మూడు నిమిషాలు ఉంటేనే ఫ్రిజ్‌కు అందుతుంది.

ఇక్కడే ఒక ముఖ్యమైన మెలిక ఉంది. దుకాణాల్లో దొరికే కొన్ని ప్లగ్గుల్లో ఆలస్యం మాత్రమే ఉంటుంది, వోల్టేజీని కొలిచే ఏర్పాటు ఉండదు. పైన చెప్పిన ఇంట్లో అలాంటిది ఉండి ఉంటే, మూడు నిమిషాలు ఓపికగా లెక్కపెట్టి, ఆ తర్వాత అదే 300 వోల్టులను ఫ్రిజ్‌కు అప్పగించేది. బోర్డు మూడు నిమిషాలు ఆలస్యంగా కాలిపోయేది, అంతే తేడా.

అదే ఇంట్లో మూడూ ఉండి ఉంటే..

హై కట్, లో కట్, ఆలస్యం, సర్జ్ రక్షణ మూడూ ఉన్న ప్లగ్గు ఉంటే ఆ సాయంత్రం మరోలా గడిచేది. కరెంటు రాగానే ప్లగ్గుపై ఎర్రదీపం వెలుగుతుంది. లోపల 300 వోల్టులు కనిపిస్తాయి కనుక రిలే కలవదు. ఇంట్లోవాళ్లు దీపాల ధగధగ చూసి మెయిన్ స్విచ్ దించి, 1912 నంబరుకు ఫిర్యాదు చేస్తారు. సిబ్బంది గంటలో వచ్చి న్యూట్రల్ కలుపుతారు. మళ్లీ మెయిన్ వేశాక 235 వోల్టులు కనిపిస్తాయి. మూడు నిమిషాల తర్వాత పచ్చదీపం వెలిగి ఫ్రిజ్ మామూలుగా మొదలవుతుంది. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనాన్ని నిలుపుకొంటుంది. మొదటి రెండు గంటల చీకటికి ఈ గంట కలిపినా ఇన్సులిన్‌కు ఢోకా ఉండదు. ప్లగ్గు ఖరీదు వందల్లో, బోర్డు ఖరీదు వేలల్లో ఉంటుందన్నది గమనార్హం. పైగా వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల కాలిన బోర్డుకు వారంటీ సాధారణంగా వర్తించదు.

అయితే ప్లగ్గు కాపాడేది దానికి తగిలించిన ఫ్రిజ్‌నే. టీవీ, ఫ్యాన్లు, ఛార్జర్లు ఆ 300 వోల్టులకు ఎదురుగానే ఉంటాయి. కనుక దీపాలు అసాధారణంగా వెలిగినా, బాగా గుడ్డిగా వెలిగినా మెయిన్ దించడమే మొదటి పని. తెగిన తీగను సొంతంగా ముట్టుకోవడం, కలపడం ప్రాణాంతకం.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

పెట్టెపై పేరును బట్టి కాక, వివరాలను చదివి కొనాలి. హై కట్, లో కట్ ఎన్ని వోల్టుల వద్ద అన్నది, ఆలస్యం ఎంతసేపు అన్నది, సర్జ్ రక్షణ ఎన్ని జౌళ్లు లేదా ఎన్ని ఆంపియర్లు అన్నది విడివిడిగా రాసి ఉండాలి. చివరి అంకె లేదంటే సర్జ్ రక్షణ లేదనే అనుకోవాలి. స్విచ్చి, దీపం మాత్రమే ఉన్న మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డులు కూడా స్పైక్ గార్డు పేరుతో అమ్ముడవుతుంటాయి. మొదలయ్యేటప్పుడు పాత తరహా కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక ఆ భారం మోయగల ప్లగ్గునే ఎంచుకోవాలి. మిక్సీ, ఇస్త్రీపెట్టెలతో కలిపి ఒకే బోర్డుకు తగిలించరాదు.

ఆలస్యం పనిచేస్తున్నదీ లేనిదీ ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఫ్రిజ్‌కు బదులు ఒక బెడ్‌లైటును ప్లగ్గుకు తగిలించి స్విచ్చి వేయాలి. మూడు నిమిషాల తర్వాతే అది వెలగాలి. రెండో నిమిషంలో ఒకసారి ఆపి వేస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి రావాలి. సర్జ్ రక్షణకు మాత్రం ఇంత సులువైన పరీక్ష లేదు. పోటు తగిలిన ప్రతిసారీ వారిస్టర్ కొంత అరుగుతుంది. రక్షణ ఉందని చూపే దీపం కొన్నింటిలో ఉంటుంది. అది ఆరిపోతే, సరఫరా వస్తున్నా సరే, దాన్ని మార్చాలి. గోడ సాకెట్‌లో మూడో రంధ్రానికి ఎర్త్ తీగ నిజంగా కలిసి ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. ఎర్త్ లేని ఇంట్లో సర్జ్ ప్రొటెక్టర్ సగం పనే చేయగలదు. పిడుగు సమీపంలో పడుతున్నప్పుడు ఏ పరికరాన్నీ నమ్మక, ప్లగ్గును పూర్తిగా ఊడదీయడమే క్షేమం. అయితే ఆ పని ఉరుములు దగ్గరపడక ముందే చేయాలి.

స్టెబిలైజర్ అక్కర్లేదని రాసి ఉన్న ఫ్రిజ్‌ల విషయంలోనూ అపోహ ఉంది. ఆ మాటకు అర్థం, లేబులుపై చూపిన వోల్టేజీ పరిధిలో ఫ్రిజ్ నడుస్తుందని మాత్రమే. ఆ పరిధి దాటిన హెచ్చు వోల్టేజీకి, పిడుగు పోటుకు అది హామీ కాదు. మరోవైపు ఊళ్లో రోజూ సాయంత్రం వోల్టేజీ బాగా పడిపోతుంటే, కట్ ఉన్న ప్లగ్గు ఫ్రిజ్‌ను గంటల తరబడి ఆపేస్తుంది. తక్కువ వోల్టేజీని పెంచి ఇచ్చే శక్తి దానికి లేదు. అలాంటి చోట స్టెబిలైజరే సరైన మార్గం. అందులో హై కట్, ఆలస్యం ఉంటే విడిగా ప్లగ్గు అవసరం లేదు.

ఆగిపోతే ముందు చూడవలసినవి

కరెంటు వచ్చాక ఫ్రిజ్ మొదలుకాకపోతే బోర్డు పోయిందని వెంటనే నిర్ధారణకు రాకూడదు. ముందు అదే సాకెట్‌లో మరో దీపం పెట్టి చూడాలి. ఎంసీబీ పడిపోయిందేమో గమనించాలి. లోపలి ఆలస్యం ముగిసేందుకు ఐదు, పది నిమిషాలు ఆగాలి. లోపలి దీపం, తలుపుమీది అంకెలు రెండూ వెలగకపోతే ఫ్యూజు, వారిస్టర్ వైపు అనుమానించవచ్చు. దీపం వెలుగుతూ కంప్రెసర్ మాత్రమే మొదలుకాకపోతే, బోర్డులో దాన్ని నడిపే భాగంలోనో, కంప్రెసర్‌లోనో లోపం ఉండవచ్చు. కాలిన వాసన వస్తే మాత్రం మళ్లీ స్విచ్చి వేసి చూసే ప్రయత్నం చేయరాదు.

వెనుక మూత విప్పి బోర్డును తాకడం అన్నింటికన్నా ప్రమాదకరం. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. దాన్ని ఖాళీ చేసే విధానం తెలిసిన మెకానిక్‌కే ఆ పని అప్పగించాలి. బోర్డు మార్చిన రోజునే రక్షణ పరికరాన్నీ అమర్చుకోవాలి. తెగిన న్యూట్రల్‌ను గట్టిగా కలపకుండా తాత్కాలికంగా మెలిపెట్టి వదిలేస్తే, వచ్చే గాలివానకు అది మళ్లీ తెగుతుంది. కొత్త బోర్డుకు కూడా పాతదాని గతే పడుతుంది.